కాల్షియం ఎక్కువ, పీటీహెచ్ ‘నార్మల్’, విటమిన్ డి తక్కువ: పారాథైరాయిడ్ బాగున్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నీరసం, ఒళ్లు నొప్పులు అంటుంటే టెస్టులు చేయించాం. కాల్షియం 11.1, ఆల్బుమిన్ 4.1, ఫాస్ఫరస్ 2.6, క్రియాటినిన్ 0.8, పీటీహెచ్ 61 (రిపోర్టులో నార్మల్ 15–65 అని ఉంది), విటమిన్ డి 13. రెండేళ్ల క్రితం కిడ్నీలో రాయి వచ్చింది. బీపీ మాత్ర వాడుతుంది, అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉంది. ఒక డాక్టరు గారు డి తక్కువ ఉందని కాల్షియం, డి మాత్రలు రాశారు. ఇంకొకరు కాల్షియం ఎక్కువ ఉంది, వాటి జోలికి వెళ్లొద్దు అన్నారు. పీటీహెచ్ నార్మలే కదా, అంటే పారాథైరాయిడ్ బాగున్నట్టేనా? డి ఇవ్వాలా, వద్దా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

బాగున్నట్టు కాదండీ. ఈ అంకెలు చూస్తే నేను మొదట అనుమానించేది పారాథైరాయిడ్‌నే. విటమిన్ డి ఇవ్వాలి, కానీ చిన్న మోతాదులో, మధ్యమధ్య కాల్షియం చూసుకుంటూ. కాల్షియం మాత్రలు మాత్రం ఇప్పుడు వద్దు. ఇద్దరు డాక్టర్లు చెప్పినదాంట్లోనూ సగం సగం నిజం ఉంది, అందుకే మీకు ఇంత గందరగోళంగా ఉంది. నేను ఎండోక్రైనాలజీలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. ‘పీటీహెచ్ నార్మల్’ అన్న ఒక్క మాట వల్ల ఏళ్ల తరబడి రోగం తెలియకుండా ఉండిపోయినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మెడలో థైరాయిడ్ గ్రంథి వెనక అతుక్కుని, మామూలుగా నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒక్కోటీ బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది, అంతే. వాటి కణాల మీద రక్తంలోని కాల్షియాన్ని క్షణక్షణం పసిగట్టే గ్రాహకం ఉంటుంది. కాల్షియం కాస్త తగ్గగానే ఆ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోను వదులుతాయి, కాస్త పెరగగానే ఆపేస్తాయి. వదిలిన హార్మోను రక్తంలో ఎక్కువసేపు ఉండదు. నాలుగైదు నిమిషాల్లోనే సగానికి పైగా మాయమవుతుంది. కాబట్టి ఈ రోజు రిపోర్టులో కనిపించే పీటీహెచ్ నిన్నటి సంగతి కాదు. రక్తం తీసిన ఆ నిమిషంలో ఉన్న కాల్షియానికి గ్రంథులు ఇచ్చిన జవాబు అది.

ఇంటిపైన ఉన్న నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. ట్యాంకు నిండగానే మోటారు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు ఉంది. ఒక రోజు చూస్తే ట్యాంకు పొంగి నీళ్లు గోడ మీద కారుతున్నాయి, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది. మెకానిక్ వచ్చి “మోటారు మామూలు స్పీడులోనే తిరుగుతోంది కదా, దానికేం కాలేదు” అంటే మీరు ఒప్పుకోరు. ఆగాల్సిన చోట ఆగలేదు, అదే దాని జబ్బు. మీ అమ్మగారి కాల్షియం 11.1. ఆరోగ్యంగా ఉన్న పారాథైరాయిడ్ అయితే ఆ కాల్షియం చూసి దాదాపు పూర్తిగా మూసుకుపోవాలి, పీటీహెచ్ 20 కిందికి దిగిపోవాలి. 61 ఉందంటే గ్రంథి ఆ కాల్షియాన్ని సరిగ్గా పసిగట్టడం లేదన్నమాట.

15–65 అన్న హద్దు ఎలా వచ్చింది? కాల్షియం సరిగ్గా ఉన్న మనుషుల రక్తం చూసి గీసినది. కాల్షియం 9.5 ఉన్నవాళ్లకు 61 మామూలే. అదే 61 కాల్షియం 11.1 ఉన్నవాళ్లకు ఎక్కువ కిందే లెక్క. ల్యాబు యంత్రం ఒక్కో అంకెను విడివిడిగా హద్దుతో పోల్చి ‘నార్మల్’ అని ముద్రిస్తుంది, పక్క వరుసలో ఏముందో దానికి పట్టదు. ఆ పని డాక్టరు చేయాలి. నేను చదువు ముగించి కొత్తగా పనిలో చేరిన రోజుల్లో ఒకావిడ ఫైలు నా చేతికి వచ్చింది. మూడేళ్లలో ఆరుసార్లు కాల్షియం 10.8 నుంచి 11.4 మధ్య, పీటీహెచ్ 50కీ 64కీ మధ్య ఉంది. ప్రతిసారీ పీటీహెచ్ పక్కన ‘నార్మల్’ అని టిక్కు పెట్టి ఉంది. ఆ మూడేళ్లలో ఆవిడకు రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చాయి, ఒకసారి ముంజేయి విరిగింది. ఆ ఆరు టిక్కులు ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి.

అయితే ఇంత దూరం వెళ్లే ముందు ఆ 11.1 నిజమైన పెరుగుదలేనా అని చూసుకోవాలి. రక్తంలోని కాల్షియంలో దాదాపు సగమే స్వేచ్ఛగా తిరుగుతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని ఉంటుంది. శరీరం లెక్కలోకి తీసుకునేది స్వేచ్ఛగా ఉన్న భాగాన్నే, ల్యాబు మామూలుగా కొలిచేది మొత్తాన్ని. ఆల్బుమిన్ ఎక్కువుంటే మొత్తం అంకె ఉత్తుత్తినే పెరుగుతుంది, తక్కువుంటే అసలు పెరుగుదల కూడా దాక్కుంటుంది. ఆల్బుమిన్ 4 కన్నా ఒక్కో గ్రాము తగ్గినకొద్దీ కాల్షియానికి 0.8 కలపాలన్నది మేము వాడే లెక్క. మీ అమ్మగారి ఆల్బుమిన్ 4.1 కాబట్టి తీసేయాల్సింది 0.08 మాత్రమే. సవరించినా 11.0 వస్తుంది. చాలా ల్యాబుల్లో పై హద్దు 10.2 నుంచి 10.5 మధ్య ఉంటుంది, కాబట్టి ఇది నిజంగానే ఎక్కువ.

అయినా ఒక్క రిపోర్టుతో నేను నిర్ణయం తీసుకోను. రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే రబ్బరు పట్టీని ఎక్కువసేపు బిగించి ఉంచినా, పిడికిలి పదేపదే మూసి తెరవమన్నా కాల్షియం కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా అంతే. అందుకని బాగా నీళ్లు తాగి, పట్టీ తక్కువసేపు కట్టించుకుని మళ్లీ చేయించండి. కాల్షియం, ఆల్బుమిన్, పీటీహెచ్ ఒకే సిరంజి రక్తంలోంచి వెళ్లాలి. సోమవారం కాల్షియం, గురువారం పీటీహెచ్ చేయిస్తే జవాబు ఒక ప్రశ్నది, ప్రశ్న ఇంకొకటి అవుతుంది. వీలుంటే అయొనైజ్డ్ కాల్షియం కూడా అడగండి, అది స్వేచ్ఛగా ఉన్న భాగాన్నే నేరుగా కొలుస్తుంది. ఇంకో చిన్న సంగతి. జుట్టు కోసం, గోళ్ల కోసం బయోటిన్ ఉన్న మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపించండి. కొన్ని ల్యాబు పద్ధతుల్లో బయోటిన్ వల్ల పీటీహెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. నిజంగా 90 ఉన్నది 60గా కనబడవచ్చు.

బీపీ మాత్ర విషయం మీరు చెప్పడం చాలా మంచిదైంది, చాలామంది చెప్పరు. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో పోయే కాల్షియాన్ని తగ్గించి ఒంట్లోనే నిలుపుతుంది. దానివల్ల కాల్షియం కొద్దిగా పెరగవచ్చు. కానీ తప్పంతా ఆ మాత్రదే అయితే పీటీహెచ్ అణిగి ఉండాలి. తరచుగా జరిగేది ఏమిటంటే, లోపల చిన్నగా ఉన్న పారాథైరాయిడ్ జబ్బును ఈ మాత్ర బయటపెడుతుంది. మీ డాక్టరు గారిని అడిగి బీపీకి ఇంకో మందు మార్పించుకోండి, కొన్ని వారాలు ఆగి మళ్లీ కాల్షియం చూడండి. మీ అంతట మీరు బీపీ మాత్ర ఆపేయకండి. లిథియం వాడేవాళ్లలో కూడా ఇలాంటి బొమ్మే కనిపిస్తుంది, మీరు రాసిన మందుల్లో అది లేదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

ఇక అసలు చిక్కు విటమిన్ డి దగ్గరే ఉంది.

డి తక్కువైతే పేగు ఆహారంలోని కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోలేదు. రక్తంలో కాల్షియం కిందికి జారబోతుంది. దాన్ని నిలబెట్టడానికి పారాథైరాయిడ్ పీటీహెచ్ పెంచుతుంది. అప్పుడు ఎముకలోంచి కాల్షియం బయటికి వస్తుంది, కిడ్నీ మూత్రంలో పోయేదాన్ని వెనక్కి లాగుతుంది, డి ని చురుకైన రూపంలోకి మార్చే పని కూడా వేగం అందుకుంటుంది. దీన్ని సెకండరీ అంటాం. అంటే గ్రంథి తప్పు లేదు, అది తన డ్యూటీ చేస్తోంది. మొదటి డాక్టరు గారి మనసులో ఉన్నది ఇదే. అయితే ఈ కథలో కాల్షియం ఎంత లాగినా నార్మల్ దాకానే వస్తుంది, లేదా కింద ఉండిపోతుంది. హద్దు దాటి పైకి పోదు. కాల్షియం హద్దు చేరగానే గ్రంథి శాంతిస్తుంది కాబట్టి. అందువల్ల ‘డి తక్కువ కాబట్టి పీటీహెచ్ పెరిగింది’ అన్న వివరణ కాల్షియం 11.1 దగ్గర పనికిరాదు. డి తక్కువ అన్నది నిజం, కానీ పెరిగిన కాల్షియానికి అది కారణం కాదు.

సరిగ్గా ఈ చిక్కే వందేళ్ల క్రితం వియన్నాలో ఒక ప్రాణం మీదికి తెచ్చింది. ఆల్బర్ట్ యానే అనే ట్రామ్ కండక్టరు ఎముకలు కరిగిపోయి నడవలేని స్థితికి వచ్చాడు. ఎముకల జబ్బు వల్లే పారాథైరాయిడ్ ఉబ్బుతుందని, శరీరానికి సాయం చేయడానికే అది పెరుగుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అందుకని సర్జన్ ఫెలిక్స్ మాండల్ మొదట అతనికి ఇంకొకరి పారాథైరాయిడ్ కణజాలాన్ని అమర్చి చూశాడు. ఏ మార్పూ రాలేదు. అప్పుడు 1925లో మెడ తెరిచి, ఉబ్బిన గ్రంథిని తీసేశాడు. రోగి కోలుకోవడం మొదలైంది. కొన్నేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టిందన్నది వేరే కథ. కానీ గ్రంథి సాయం చేస్తోందా, చెడు చేస్తోందా అన్న ప్రశ్నకు ఆ రోజు జవాబు దొరికింది. మీ ఇంట్లో ఇప్పుడు ఉన్నది కూడా అదే ప్రశ్న. మాండల్‌కు లేనిది, మనకు ఉన్నది ఏమిటంటే కాల్షియం, పీటీహెచ్ పక్కపక్కన పెట్టి చూసే వీలు.

మరి డి ఎందుకు తగ్గింది? మామూలు లోటు కూడా కలిసి ఉండవచ్చు. కానీ పారాథైరాయిడ్ జబ్బే డి ని కరగదీస్తుంది కూడా. పీటీహెచ్ ఎక్కువగా ఉంటే నిల్వ రూపంలో ఉన్న డి, అంటే మీ రిపోర్టులోని 25-హైడ్రాక్సీ రకం, త్వరత్వరగా చురుకైన రూపంలోకి మారిపోతుంది, మిగిలింది కూడా వేగంగా విరిగిపోతుంది. అందుకే ఈ జబ్బున్నవాళ్లలో నిల్వ తక్కువగా కనిపించడం మామూలు విషయం. కొంతమంది చురుకైన రూపాన్ని కొలిచే 1,25 టెస్టు చేయించుకుని “డి బాగానే ఉంది” అనుకుంటారు. పీటీహెచ్ తరుముతుంటే లోటు ఉన్నవాళ్లలో కూడా అది నార్మల్‌గానో ఎక్కువగానో రావచ్చు. లోటు ఉందా లేదా అన్నది చెప్పేది 25-హైడ్రాక్సీ టెస్టే, మీరు చేయించింది సరైనదే. 20 కన్నా తక్కువను లోటు అంటాం, కాబట్టి 13 అంటే ఖచ్చితంగా లోటే.

లోటును అలాగే వదిలేస్తే పీటీహెచ్ ఇంకా పైకి ఎగబాకుతుంది, ఎముక ఇంకా అరుగుతుంది. ఆపరేషన్ అయితే ఆ తర్వాత కాల్షియం పడిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. అందుకే రెండో డాక్టరు గారి ‘అసలు వద్దు’ అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కానీ వాళ్ల భయం ఊరికే పుట్టలేదు. వారానికి 60,000 యూనిట్ల చొప్పున పెద్ద డోసులు, పైగా కాల్షియం మాత్రలు కలిపి ఇస్తే కొందరిలో కాల్షియం 12 దాటుతుంది, మూత్రంలో కాల్షియం పెరిగి మళ్లీ రాయి కట్టవచ్చు. ఇలాంటి సందర్భంలో నేను రోజుకు 1,000 యూనిట్లతో మొదలుపెడతాను, అవసరమైతే 2,000కి పెంచుతాను. రెండు నుంచి నాలుగు వారాల్లో ఒకసారి కాల్షియం చూస్తాను. డి స్థాయి సర్దుకోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, అందుకని మధ్యలో డి టెస్టు పదేపదే చేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. 30 దాటితే చాలు. కాల్షియం ముందే 12 దగ్గర ఉన్నవాళ్లకు ఇది ఇంట్లో చేసే పని కాదు, మొదట కాల్షియం దించాలి.

ఇంకో మాట. కాల్షియం ఎక్కువ ఉంది కదా అని ఆహారంలో కాల్షియం మానేయించకండి. తినేది తగ్గిస్తే గ్రంథి ఎముకను ఇంకా తవ్వుతుంది. రోజుకు మామూలుగా అందరికీ చెప్పే 1,000 మిల్లీగ్రాముల దగ్గర ఆహారంలోనే అందనివ్వండి. మాత్రల రూపంలో అదనంగా వద్దు, అంతే.

ఇప్పుడు మీ అమ్మగారికి తప్పకుండా కావాల్సిన టెస్టు ఒకటుంది, చాలా చోట్ల దాన్ని దాటేస్తారు. అది 24 గంటల మూత్రంలో కాల్షియం, క్రియాటినిన్. ఎందుకంటే ఇదే బొమ్మను అచ్చుగుద్దినట్టు చూపించే మరో స్థితి ఉంది. కొన్ని కుటుంబాల్లో ఆ కాల్షియం గ్రాహకం పుట్టుకతోనే కాస్త మొద్దుబారి ఉంటుంది. కాల్షియం 10.8, 11 దగ్గర ఉన్నా గ్రంథికి అది నార్మల్‌లాగే తోస్తుంది. కిడ్నీలోనూ అదే గ్రాహకం ఉంటుంది కాబట్టి మూత్రంలోకి కాల్షియం వదలదు. వీళ్లకు సాధారణంగా ఏ హానీ జరగదు, చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ ఉండదు. మెడ కోసి గ్రంథి తీసినా కాల్షియం తగ్గదు. అనవసరంగా ఆపరేషన్ అయిన మనిషిని చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా కాల్షియం ఎక్కువ అని ఎప్పుడైనా చెప్పారా, అమ్మగారికి చాలా ఏళ్ల క్రితం చేసిన కాల్షియం రిపోర్టు ఏదైనా ఉందా, వెతకండి. పదిహేనేళ్ల క్రితం 9.4 ఉండి ఇప్పుడు 11.1 అయితే పుట్టుకతో వచ్చింది కాదని అక్కడే తేలిపోతుంది.

మూత్రం సేకరణ ఇలా చేయాలి. ఉదయం లేవగానే మొదటిసారి వెళ్లిన మూత్రం పారబోయండి, ఆ టైము రాసుకోండి. అక్కడి నుంచి ప్రతి చుక్కా డబ్బాలో వేయాలి. మర్నాడు అదే టైముకు వచ్చే మొదటి మూత్రం కూడా డబ్బాలోకే. ఒక్కసారి మర్చిపోయినా లెక్క తప్పుతుంది. మందు మార్చాక, అంటే ఆ బీపీ మాత్ర మానేసిన కొన్ని వారాల తర్వాతే ఇది చేయించాలి. లేదంటే ఆ మాత్ర మూత్రంలో కాల్షియాన్ని తగ్గించి, లేని కుటుంబ జబ్బును చూపిస్తుంది.

డి లోటు కూడా అదే మోసం చేస్తుంది. దీన్ని ఒక పేషెంటు అంకెలతో చెప్తాను. ఆవిడది కూడా మీ అమ్మగారి వయసే. కాల్షియం 11.1, రక్తంలో క్రియాటినిన్ 0.8, డి 11. మొదటి సేకరణలో రోజు మూత్రంలో కాల్షియం 150 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 1,000 మిల్లీగ్రాములు వచ్చాయి. మేము చూసే నిష్పత్తి ఇది: మూత్రంలోని కాల్షియాన్ని రక్తంలోని క్రియాటినిన్‌తో గుణించి, దాన్ని రక్తంలోని కాల్షియం, మూత్రంలోని క్రియాటినిన్ గుణించిన అంకెతో భాగించాలి. 150 ఇంటూ 0.8 అంటే 120. 11.1 ఇంటూ 1,000 అంటే 11,100. భాగిస్తే 0.011. ఈ నిష్పత్తి 0.01 కన్నా తక్కువైతే కుటుంబ స్థితి వైపు మొగ్గుతాం, 0.02 దాటితే పారాథైరాయిడ్ గడ్డ వైపు. ఆవిడ అంకె కింది హద్దుకు అంటుకుని ఉంది. కుటుంబంలో వచ్చేదే అయి ఉంటుంది, వదిలేయండి అని ఆవిడకు అప్పటికే ఎవరో చెప్పారు.

మేము తొందరపడలేదు. చిన్న మోతాదులో డి ఇచ్చి మూడున్నర నెలలు ఆగాం. డి 33కి వచ్చింది, రక్తంలో కాల్షియం 11.2, దాదాపు కదల్లేదు. పీటీహెచ్ కొంచెం తగ్గింది. మళ్లీ మూత్రం సేకరిస్తే ఈసారి కాల్షియం 300 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ మాత్రం ముందులాగే. 300 ఇంటూ 0.8 అంటే 240, దాన్ని 11,200తో భాగిస్తే 0.021. డి లోటు వల్ల పేగులోంచి కాల్షియం రాకపోవడంతో మొదట మూత్రంలో తగ్గింది, లోటు తీరగానే అసలు రంగు బయటపడింది. ఆ తర్వాత ఆపరేషన్‌లో ఎడమ కింది గ్రంథి చిక్కుడు గింజంత ఉబ్బి కనిపించింది. నిష్పత్తి మధ్యలో వేలాడుతూ ఉండి, డి తీర్చినా తేలకపోతే జన్యు పరీక్ష చేయిస్తాం.

మీ అమ్మగారి విషయంలో రాయి ముందే వచ్చి ఉంది, ఫాస్ఫరస్ కూడా కింది హద్దు వైపే ఉంది. పీటీహెచ్ కిడ్నీలోంచి ఫాస్ఫేటును బయటికి తోసేస్తుంది కాబట్టి ఇది గడ్డ వైపే మొగ్గు చూపుతోంది. ప్రైమరీ జబ్బు, అంటే తప్పు గ్రంథిదే అని తేలితే పదిమందిలో ఎనిమిది మందికి ఒకే గ్రంథిలో క్యాన్సర్ కాని గడ్డ ఉంటుంది. క్యాన్సర్ ఉండటం వందలో ఒకరి కన్నా తక్కువ, అందుకని ఆ భయం పెట్టుకోకండి. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. కానీ కిడ్నీ రాయి ఒక్కటే ఆపరేషన్ సలహా ఇవ్వడానికి సరిపోయే కారణం. వయసు 50 కన్నా తక్కువ ఉండటం, కాల్షియం పై హద్దు కన్నా 1 దాటి ఎక్కువ ఉండటం, ఎముకల సాంద్రత బాగా పడిపోవడం, కిడ్నీ పనితీరు తగ్గడం కూడా అలాంటి కారణాలే. ఎముకల స్కాన్ చేయించేటప్పుడు నడుము, తుంటితో పాటు ముంజేయి కూడా తీయమని ప్రత్యేకంగా అడగండి. ఈ హార్మోను గట్టి ఎముకను ఎక్కువగా తింటుంది, ఆ నష్టం ముందుగా ముంజేతిలో కనబడుతుంది. మామూలు స్కాన్‌లో అది తీయరు.

మెడ అల్ట్రాసౌండ్, సెస్టమిబి స్కాన్ గురించి ఒక అపోహ ఉంది. జబ్బు ఉందా లేదా అన్నది చెప్పేది ఆ స్కాన్లు కాదు, రక్తం, మూత్రం అంకెలు. స్కాన్ చెప్పేది గడ్డ ఎక్కడుందో మాత్రమే. స్కాన్‌లో ఏమీ కనబడలేదు కాబట్టి జబ్బు లేదు అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చిన్న గడ్డలు, ఒకటి కన్నా ఎక్కువ గ్రంథులు ఉబ్బినవి స్కాన్‌లో తప్పించుకుంటాయి. ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్‌ను ఎంచుకోవడం స్కాన్ కన్నా ముఖ్యం. పీటీహెచ్ నిమిషాల్లో కరిగిపోతుందని మొదట చెప్పాను కదా, దాన్ని ఆపరేషన్ థియేటర్‌లోనే వాడుకుంటారు. గడ్డ తీసిన పది నిమిషాలకు రక్తం తీసి చూస్తే పీటీహెచ్ సగం కన్నా ఎక్కువ పడిపోవాలి. పడకపోతే ఇంకో గ్రంథి ఎక్కడో దాక్కుని ఉంది, సర్జన్ వెతకడం ఆపరు.

ఒకవేళ మళ్లీ చేయించిన టెస్టులో పీటీహెచ్ 10 వచ్చిందనుకోండి, దారి పూర్తిగా మారిపోతుంది. అప్పుడు పారాథైరాయిడ్ తన పని సరిగ్గానే చేస్తోంది, కాల్షియాన్ని వేరే ఏదో పెంచుతోంది. విటమిన్ డి మోతాదు మించి పడిందా, టీబీ, సార్కాయిడోసిస్ లాంటి జబ్బుల్లో కణాలు సొంతంగా చురుకైన డి తయారుచేస్తున్నాయా, ఎక్కడైనా క్యాన్సర్ ఉందా, మైలోమా ఉందా, థైరాయిడ్ ఎక్కువైందా అని చూడాలి. ఆ వెతుకులాట వారాలు ఆగకూడదు, ముఖ్యంగా కాల్షియం త్వరగా పెరుగుతూ ఉంటే. మీ అమ్మగారి 61 ఆ వైపు చూపించడం లేదు.

కాల్షియం తక్కువైనప్పుడు కూడా ఇదే చదువు పనికొస్తుంది, తిరగేసి చదవాలి అంతే. కాల్షియం 7.4 ఉండి పీటీహెచ్ 22 ఉంటే రిపోర్టు నార్మల్ అంటుంది. కానీ ఆ కాల్షియానికి పీటీహెచ్ వందలోకి వెళ్లి ఉండాలి. వెళ్లలేదంటే గ్రంథి చేతులెత్తేసింది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత ఎక్కువగా కనిపించేది ఇదే, దాంతోపాటు ఫాస్ఫరస్ పెరుగుతుంది. ఇక్కడ మెగ్నీషియం చూడటం మర్చిపోకూడదు. మెగ్నీషియం బాగా తక్కువైతే గ్రంథి బాగున్నా పీటీహెచ్ వదల్లేదు. ఎన్ని కాల్షియం సీసాలు ఎక్కించినా నిలవదు, మెగ్నీషియం ఇచ్చాకే నిలుస్తుంది. గ్యాస్ కోసం ఏళ్ల తరబడి ఒమెప్రజోల్ లాంటి మాత్రలు వాడేవాళ్లలో ఇలా జరిగే అవకాశం ఉంది.

మీ అమ్మగారికి ఆపరేషన్ జరిగితే మీకు ఈ రెండో వైపు కూడా తెలిసి ఉండాలి. ఏళ్లుగా కరిగిన ఎముక, హార్మోను తగ్గగానే రక్తంలోని కాల్షియాన్ని ఆబగా లాక్కుంటుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో చీమలు పాకినట్టు ఉండటం, చేతి కండరాలు పట్టేయడం మొదలవుతాయి. అప్పుడు ఫాస్ఫరస్ తక్కువుంటే ఎముక లాక్కుంటోందని, ఎక్కువుంటే మిగిలిన గ్రంథులు ఇంకా నిద్ర లేవలేదని అర్థం. డి ముందే సరిచేసి ఉంచితే ఈ పడిపోవడం తేలికగా గడుస్తుంది. 13 ని ఇప్పుడే పట్టించుకోవాలని నేను అంటున్నది అందుకే.

ఈలోగా రోజూ నీళ్లు బాగా తాగించండి, మంచం మీదే ఉండిపోకుండా నడిపించండి, కదలకపోతే ఎముకలోంచి కాల్షియం ఇంకా బయటికి వస్తుంది. వాంతులు, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మగత, మాటల్లో తడబాటు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లి కాల్షియం చూపించండి. అక్కడికి వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ సంచీలో వేసుకుని వెళ్లండి.